ఒకే కిటికీ, ఎనిమిదో నెల: ఇంట్లో తీసే ఫోటోలో కడుపు గుండ్రంగా కనిపించాలంటే

ప్రశ్న: మా అక్కకు ఎనిమిదో నెల. ఈ ఎండాకాలం కాన్పుకని కడపలో మా ఇంటికే వచ్చింది. స్టూడియో దాకా పోయే ఓపిక లేదు, ఇంట్లోనే తీయమంటోంది. పడసాల పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. పొడవు గోడ మధ్యలో తూర్పుకు ఒకే కిటికీ. గోడలకు పిస్తా రంగు, కింద నల్ల కడప బండలు. పాత డీఎస్ఎల్ఆర్, 18-55, 50 ఎంఎం లెన్సులు ఉన్నాయి. నిన్న పొద్దున తీస్తే చెంప తెల్లగా పేలిపోయింది, కడుపేమో చీర మూటలా ఉంది. గుండ్రంగా కనిపించాలంటే ఏం చేయాలి? కడుపు మీద చీర తీసి ఫోటోలు తీయడానికి ఇంట్లో ఒప్పుకోరు.

సమాధానం:

కిటికీ మీ వీపు వెనక ఉండకూడదు. అక్క కడుపు కిటికీ వైపు తిరిగి ఉండాలి, మీరు పక్క గోడకు ఆనుకుని పక్కనుంచి తీయాలి. కిటికీకి తెల్ల పంచె రెండు మడతలుగా కట్టండి, ట్యూబ్‌లైటు ఆర్పేయండి. అక్కకూ కిటికీకీ మధ్య నేల మీద తెల్ల దుప్పటి పరవండి. చీర మెత్తటిది, కుచ్చిళ్ళు తక్కువ. ముఖ్యమైనవి ఇవే. అయితే మీ గదిలో ప్రతిదానికీ కొలతలో తేడా పడితే ఫోటో చెడుతుంది, అందుకే కారణాలతో సహా చెప్తాను.

ముందు నిన్న ఏం జరిగిందో చూద్దాం. మీరు కిటికీకి వీపు పెట్టి, అక్కను ఎదురుగా నిలబెట్టి ఉంటారు. వెలుగు కెమెరా వైపునుంచే వస్తే కడుపు మీద ఎక్కడా నీడ పడదు. ఏ గుండ్రటి వస్తువైనా గుండ్రంగా కనిపించేది దాని మీద వెలుగు మెల్లగా నీడలోకి జారడం వల్లే. ఆ జారుడు లేకపోతే ఎనిమిదో నెల కడుపు కూడా బల్లపరుపుగా ఉంటుంది. చెంప పేలిపోవడానికి కారణం వేరే. పొద్దుటెండ పంచె, తెర ఏమీ లేకుండా నేరుగా పడింది.

దీన్ని అక్కను నిలబెట్టకుండానే పరీక్షించుకోవచ్చు. ఎండాకాలం ప్రతి ఇంట్లో ఉండే మట్టికుండ ఒకటి తీసుకోండి. దానికి మెరుపుండదు కాబట్టి వెలుగు నీడలు చక్కగా తెలుస్తాయి. కుండను కిటికీకి మూడడుగుల దూరంలో బల్ల మీద పెట్టి, చుట్టూ తిరిగి చూడండి. కిటికీ మీ వెనక ఉన్నప్పుడు కుండ పళ్ళెంలా ఉంటుంది. పక్కకు వచ్చే కొద్దీ ఉబ్బుతుంది. ఎక్కడ నిండుగా కనిపిస్తే అక్కడ నేల మీద సుద్దతో గీత గీసుకోండి. స్థలం వెతకడానికి పట్టే పావుగంట కుండతో గడిస్తే, అక్క కాళ్ళకు ఆ పావుగంట మిగులుతుంది.

మీ గదిలో ఎవరెక్కడ

తూర్పు గోడ పొడవు పన్నెండడుగులు, మధ్యలో కిటికీ. కిటికీ నాలుగడుగుల వెడల్పు అనుకుందాం. మీరు ఉత్తరపు గోడకు ఆనుకుని దక్షిణానికి చూస్తూ నిలబడండి. అక్క కిటికీ నుంచి మూడడుగులు లోపలికి, కిటికీ మధ్యకు కాకుండా దక్షిణపు అంచుకు ఎదురుగా నిలబడాలి. మొదట కడుపు నేరుగా తూర్పుకు, అంటే కిటికీకి పెట్టించి, తర్వాత భుజాలు రెండూ కొద్దిగా, ఓ ఇరవై ముప్పై డిగ్రీలు, మీ వైపు తిప్పమనండి. ముఖం మాత్రం కిటికీ వైపే ఉంచి చూపు కడుపు మీదికి దించాలి.

దక్షిణపు అంచు ఎందుకంటే, అక్కడ నిలబడితే కిటికీలో ఎక్కువ భాగం అక్కకూ మీకూ మధ్య ఉంటుంది. వెలుగు కొద్దిగా మీ వైపునుంచి వస్తూ, మీకు కనిపించే పక్కను కూడా తడుముతుంది. అక్క ఒక్క రెండడుగులు మీ వైపు జరిగి కిటికీ మధ్య దాటితే, వెలుగు అక్కకు అవతలి పక్క నుంచి, మీకు ఎదురుగా రావడం మొదలవుతుంది. కడుపు అంచున ఒక తెల్లటి గీత, మిగతా మనిషంతా చీకటి. ఫోటో నాటకీయంగా కావాలంటే అదీ బాగుంటుంది కానీ, ఇంట్లో పెద్దవాళ్ళు చూసి "ముఖం నల్లగా వచ్చిందేమి?" అనేది సరిగ్గా ఆ ఫోటో గురించే.

ఇక మూడడుగుల సంగతి. చాలామంది వెలుగు బాగుంటుందని కిటికీకి అతుక్కుని నిలబెడతారు. మన ఇళ్ళలో కిటికీ అడుగు నేలనుంచి దాదాపు మూడడుగుల ఎత్తులో ఉంటుంది. ఐదడుగుల రెండంగుళాల మనిషికి బొడ్డు కూడా ఇంచుమించు అదే ఎత్తు. అంటే కిటికీకి అడుగు దూరంలో నిలబడితే ఛాతీకి, ముఖానికి వెలుగంతా వస్తుంది, కడుపు కింది సగానికి మాత్రం కిటికీ కింది గోడ అడ్డు. మనకు కావలసిన గుండ్రం అక్కడే తెగిపోతుంది. వెనక్కి జరిగితే వెలుగు ఏటవాలుగా దిగి కడుపు కింది దాకా వస్తుంది. మరీ ఆరేడడుగులు వెళ్తే వెలుగు పల్చబడి, గోడల మీదినుంచి తిరిగొచ్చే పిస్తా రంగు ఎక్కువవుతుంది. మీ గదికి మూడు, మహా అయితే నాలుగడుగులు.

అదే కారణంగా కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు లెక్క మారుతుంది. కూర్చుంటే కడుపు కిటికీ అడుగుకన్నా బాగా కిందికి పోతుంది. అప్పుడు ఇంకో అడుగు వెనక్కి జరపాలి, కింది నుంచి కూడా కొంత వెలుగు ఇవ్వాలి.

ఇక్కడే కడప బండలు మీకు ఎదురు తిరుగుతాయి. నల్ల బండ వెలుగును మింగేస్తుంది, తిరిగి పైకి ఏమీ పంపదు. తెల్ల టైల్స్ ఉన్న ఇంట్లో కడుపు అడుగు దానంతటదే కొంచెం తేలుతుంది. మీ ఇంట్లో గడ్డం కింద, కడుపు కింద బొగ్గులా పడుతుంది. అందుకే తెల్ల దుప్పటి. అయితే ఒక జాగ్రత్త: నునుపు బండ మీద దుప్పటి జారుతుంది. అక్క పాదాలు ఉండే చోట పరవకండి. కిటికీ గోడ నుంచి ఆమె పాదాలకు ఒక అడుగు ఇవతలి వరకే పరిచి, అంచులు బండకు టేపుతో అతికించండి. పాదాల కింద ఏమీ వద్దు, ఉత్త బండే మేలు. ఎనిమిదో నెలలో తన పాదాలు తనకే కనిపించవు.

పంచె, ఎండ, టైము

ఫోటోగ్రఫీ పాఠాల్లో "ఉత్తరపు కిటికీ వెతుక్కో, దానికి ఎండ రాదు" అని ఉంటుంది. అది మనకన్నా చాలా ఉత్తరాన ఉన్న దేశాల మాట. కడప సుమారు 14.5 డిగ్రీల అక్షాంశంలో ఉంది. ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు కూడా మనకు కొంచెం ఉత్తరానే ఉంటాడు. పొద్దున, సాయంత్రం అయితే ఉత్తరపు కిటికీలోంచి ఎండ చీలిక ఏటవాలుగా లోపలికే వస్తుంది. కాబట్టి తూర్పు కిటికీయే ఉందని బాధ పడనక్కర్లేదు.

తూర్పు కిటికీకి రెండు మంచి వేళలు. ఒకటి, ఎండ కిటికీ వదిలిపోయాక. నాలుగడుగుల ఎత్తు కిటికీ మీద అడుగున్నర సజ్జ ఉంటే మే నెలలో దాదాపు పదిన్నర, పదకొండు మధ్య ఎండ పూర్తిగా తప్పుకుంటుంది. ఆకాశం వెలుగు మాత్రం వస్తుంది, మెత్తగా ఉంటుంది. కానీ ఆ టైముకు పైన మిద్దె కాలుతూ ఉంటుంది, గర్భిణిని నిలబెట్టే వేడి కాదది. చలికాలం అయితే ఆ వేళే చెప్పేవాణ్ణి.

ఎండాకాలం కాబట్టి మీకు రెండోది: పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర లోపు, పంచె కట్టి. ఎండ నేరుగా పంచె మీద పడితే, ఇక సూర్యుడితో పని లేదు, నాలుగడుగుల పంచెయే దీపం. వెలుగు ఎంత పెద్ద వస్తువు నుంచి వస్తే నీడ అంచు అంత మెత్తగా ఉంటుంది. పంచె అచ్చ తెలుపుదై ఉండాలి. గంజి, నీలిమందు ఎక్కువ పెట్టింది వద్దు, నీలం చర్మం మీదికి వస్తుంది. జరీ అంచు కిటికీ బయటికి పోయేలా కట్టండి.

ఒక మడత చాలా, రెండా అనేది చేత్తో తెలుస్తుంది. అక్క నిలబడే చోట మీ అరచేయి చాచి, దాని నీడ ఒక తెల్ల కాగితం మీద చూడండి. వేళ్ళు విడివిడిగా, అంచులు కోసినట్టు కనిపిస్తే పల్చటి పంచెలోంచి ఎండ నేరుగా దూరుతోందని అర్థం, ఇంకో మడత వేయండి. నీడ ఉండీ లేనట్టు, అంచు కరిగిపోయినట్టు ఉంటే సరిపోయింది. కిటికీ ఊచల నీడ పంచె మీద గీతలుగా కనిపిస్తుంది. అక్క మీద ఆ గీతలు పడవు, కానీ కిటికీ ఫ్రేములోకి రానివ్వకండి.

దోమల జాలీ ఉంటే ఆ గంటసేపు తీసి పక్కన పెట్టండి. అది వెలుగును బాగా తగ్గిస్తుంది, దుమ్ము పట్టిందైతే మరీ. కిటికీ బయట సందులో ఎదురింటి గోడ ఏ రంగో కూడా చూసుకోండి. ఎదురింటి గులాబీ గోడ మీద ఎండ కొడుతుంటే మీ కిటికీలోంచి వచ్చేది గులాబీ వెలుగే. పొద్దున ఎండ తూర్పునుంచి వస్తుంది కాబట్టి ఆ ఇంటి పడమటి గోడ నీడలో ఉంటుంది, ఈ ఇబ్బంది సాయంత్రాలకే ఎక్కువ.

ట్యూబ్‌లైటు ఎందుకు ఆర్పమన్నానంటే, కిటికీ వెలుగు ఒక రంగు, దీపం ఇంకో రంగు. ఒక చెంప సరిగ్గా ఉంటే ఇంకో చెంప పచ్చగా పడుతుంది. అది తర్వాత కంప్యూటర్లో కూడా పూర్తిగా సర్దుకోదు.

పిస్తా గోడల సంగతి ఇంకా ఉంది. అక్క వెనక కనిపించే దక్షిణపు గోడ రంగు నచ్చకపోతే దానికి ముదురు గోధుమ లేదా బూడిద రంగు దుప్పటి ఇస్త్రీ చేసి బిగుతుగా కట్టండి. కడుపు వెలుగులో ఉంది కాబట్టి వెనక ముదురుగా ఉంటే గుండ్రం ఇంకా విడిపోయి కనిపిస్తుంది. ఆమె వీపు వైపు, అంటే పడమటి గోడ నుంచి, నీడలోకి పిస్తా రంగు వస్తుంది. అటువైపు రెండు మూడడుగుల దూరంలో ఒక థర్మాకోల్ షీటు నిలబెట్టండి, మీటరు పొడవుది స్టేషనరీ షాపుల్లో దొరుకుతుంది. నీడలో రంగు తెల్లబడుతుంది. దగ్గరికి తేవద్దు. అడుగు దూరానికి తెస్తే నీడే పోతుంది, మళ్ళీ నిన్నటి మూట తయారవుతుంది.

కెమెరా

50 ఎంఎం పెట్టండి. కెమెరా నిలువుగా పట్టుకుంటే ఏడడుగుల దూరం నుంచి తల మొదలు తొడల దాకా వస్తుంది, ఈ ఫోటోకు అదే సరైన కోత. పాదాల దాకా కావాలంటే 18-55ను 30 దగ్గర పెట్టి గోడకు ఆనుకోండి. 18 వద్దు. దాంతో దగ్గరికి వెళ్తే మీ వైపున్న చేయి లావుగా, తల చిన్నగా వస్తుంది, ఏ ఆడమనిషీ ఆ ఫోటో దాచుకోదు. కెమెరా ఎత్తు కడుపుకూ ఛాతీకీ మధ్య ఉండాలి. మీ కంటి ఎత్తునుంచి కిందికి తీస్తే కడుపు కిందికి జారినట్టు కనిపిస్తుంది. ఒక స్టూలు మీద మీరు కూర్చోండి, సరిపోతుంది.

మోడ్ M లో పెట్టి, f/2.8, 1/160, ISO 400 తో మొదలుపెట్టండి. ఒకటి తీసి చెంప, కడుపు ముందు భాగం పెద్దది చేసి చూడండి. తెలుపు పేలిందా, ISO తగ్గించండి. చీకటిగా ఉంటే పెంచండి, కానీ షట్టర్ 1/125 కన్నా దిగకండి, ఊపిరికి కూడా కడుపు కదులుతుంది. చేయి కెమెరా వైపు ముందుకు వస్తే f/4 చేసుకోండి, లేకపోతే కన్ను స్పష్టంగా ఉండి వేళ్ళు మసకగా వస్తాయి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలితే చీర మారినప్పుడల్లా చర్మం రంగు మారుతుంది. ఎండ గుర్తు మీద పెట్టి అలాగే ఉంచండి.

ఫోనుతో తీసేవాళ్ళకు ఒక్క మాట. ఫోను తనంతట తానే నీడలను పైకి లేపుతుంది, దాంతో కడుపు చదునవుతుంది. వెలుగు పడిన చెంప మీద వేలు నొక్కి పట్టి (ఐఫోన్‌లో AE/AF LOCK అని వస్తుంది), పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కొద్దిగా కిందికి లాగండి. 2x పెట్టి వెనక్కి జరగండి. అందం పెంచే ఫిల్టరు ఆపేయండి. పోర్ట్రెయిట్ మోడ్ గాజుల మధ్య ఖాళీలను, విడి వెంట్రుకలను తప్పుగా మసక చేస్తుంది, మామూలు మోడే మంచిది.

చీర కట్టు

చీర తీయకుండానే కడుపు చూపించవచ్చు, కట్టులో ఉంది కిటుకు. మూటలా కనిపించడానికి సగం కారణం కుచ్చిళ్ళు. ఏడెనిమిది కుచ్చిళ్ళు కడుపు మీదే దోపితే అక్కడ గుడ్డ కట్ట పడుతుంది. లంగా బొందు కడుపు మీద కాకుండా దాని కింద, తుంటి దగ్గర వదులుగా కట్టాలి. కుచ్చిళ్ళు మూడు నాలుగు చాలు, అవి కూడా మధ్యలో కాకుండా కెమెరాకు కనిపించని పక్కకు, కడుపు కింద దోపాలి. మిగిలిన చీరను ఒంటి చుట్టూ ఇంకొక చుట్టు తిప్పేయండి. పైట ఒకే పొరగా, విప్పి, కడుపు మీదుగా సాఫుగా లాగి భుజం మీద పిన్ను పెట్టండి. మడతలు పెట్టిన పైట వద్దు. ఛాతీ కింద, కడుపు పైన అదే రంగు గుడ్డ పట్టీ వదులుగా ముడి వేస్తే గుండ్రం ఎక్కడ మొదలవుతుందో కంటికి తెలుస్తుంది.

జార్జెట్, క్రేపు, బాగా ఉతికిన మెత్తటి నూలు చీరలు దీనికి పనికొస్తాయి. ధర్మవరం పట్టు అందమే కానీ అది ఒంటికి అతుక్కోదు, గుడారంలా నిలబడుతుంది. జరీ కిటికీ వైపు ఉంటే తళుక్కుమని తెల్లటి చుక్కలు పడతాయి. పట్టు చీర ఫోటో కావాలంటే కుర్చీలో కూర్చోబెట్టి, ముఖం, చేతులు, గాజులు ప్రధానంగా తీయండి, కడుపు గుండ్రం దాన్నుంచి ఆశించకండి. సన్న గళ్ళు, సన్న చారలు కెమెరాలో అలలు కొడతాయి. ముదురు ఎరుపు మీద ఫోను కెమెరాలు గుడ్డ మడతలన్నీ కలిపేస్తాయి. ఒకే రంగు, లేత గోధుమ, ఆవపువ్వు రంగు, పాచి ఆకుపచ్చ లాంటివి హాయిగా ఉంటాయి.

ఫ్యాను ఆపమని కొందరు చెప్తారు. కడపలో మే నెలలో అది కుదిరే పని కాదు. పైనున్న ఫ్యాను పైటను ఎగరేస్తుంది, నిజమే. దాన్ని ఆపి, టేబుల్ ఫ్యాను కిటికీ మూల నుంచి అక్క ముందు వైపుకు పెట్టండి. గాలి ముందునుంచి తగిలితే జుట్టు వెనక్కి పోతుంది, పల్చటి చీర కడుపుకు అతుక్కుంటుంది. ఆ ఒక్క మార్పుతోనే గుడ్డ మడతలు సగం మాయమవుతాయి.

నిలబడటం, కూర్చోవడం, పడుకోవడం

నిలబడ్డ ఫోటోలు ముందు, ఓపిక ఉన్నప్పుడే. బరువు కెమెరాకు దూరంగా ఉన్న కాలి మీద, దగ్గరి మోకాలు కొంచెం వంచి ముందుకు. కడుపు చూపించాలని నడుము వెనక్కి విరుచుకుంటారు, వద్దనండి. అసలే ఆ నెలలో నడుము లాగుతూ ఉంటుంది, ఫోటోలో కూడా మెడ బిగుసుకున్నట్టు పడుతుంది. చేతుల్లో ఒకటి కడుపు కింద మోసినట్టు, ఒకటి పైన ఆనీ ఆననట్టు. రెండు చేతులూ మధ్యలో పెడితే గుండ్రం మూసుకుపోతుంది. వేళ్ళు బిగిస్తే మాత్రం "బిడ్డకు చెప్పినట్టు మెల్లగా నిమురు" అనండి, నిమిరేటప్పుడు కెమెరా బటన్ నొక్కండి. రెండు నిమిషాలు నిలబడితే అయిదు నిమిషాలు కూర్చోవాలి. కదలకుండా నిలబడటమే తల తిరగడానికి దారి తీస్తుంది, నడిస్తే కాదు.

కూర్చోవడానికి చేతులు లేని కుర్చీ, వెనక్కి ఒరగకుండా పక్కకు తిరిగి, మోకాళ్ళు ఎడంగా. నడుము వెనక దిండు కెమెరాకు కనిపించకుండా పెట్టవచ్చు. నేల మీద కూర్చోబెట్టకండి, ఫోటో బాగానే ఉంటుంది, లేవడమే కష్టం. స్టూలెక్కడం, కిటికీ గట్టు మీద కూర్చోవడం అసలే వద్దు.

మంచం మీద పడుకున్న ఫోటో తీయాలంటే వెల్లకిలా వద్దు. ఈ నెలల్లో వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర మీద పడి, తల తిరగడం, చెమటలు పట్టడం జరగవచ్చు. ఎడమ పక్కకు తిప్పి, మోకాళ్ళ మధ్య ఒక దిండు, కడుపు కింద ఒక చిన్న దిండు పెట్టండి. మంచాన్ని ముఖమూ కడుపూ రెండూ కిటికీ వైపు ఉండేలా జరపండి, వెలుగు పాదాల వైపునుంచి వస్తే ముక్కు రంధ్రాలే కనిపిస్తాయి. లేచేటప్పుడు పక్కకు ఒత్తిగిలి, చేయి ఆనించి, ముందు కూర్చుని, ఆ తర్వాత నిలబడాలి.

మొత్తం నలభై నిమిషాలు దాటనివ్వకండి. టిఫిను తిన్నాకే మొదలుపెట్టండి, పక్కన నీళ్ళు ఉంచండి. ఫోటోకు గంట ముందు నుంచి వదులు నైటీలో ఉండమనండి, బిగుతు బట్టల అచ్చులు చేతుల మీద, నడుము మీద పోవడానికి అంత సేపు పడుతుంది. తల తిరిగినా, కళ్ళు మసకబారినా, తలనొప్పి ఎక్కువైనా, కడుపు బిగబట్టి నొప్పి వస్తున్నా కెమెరా పక్కన పెట్టి డాక్టరుకు ఫోన్ చేయడమే. రక్తం కనిపించినా, నీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా ఫోన్లతో కాలయాపన వద్దు, నేరుగా ఆసుపత్రికి.

చేతిలో ఏం పెట్టాలి

ఒక ఫోటోలో ఒకటే. సీమంతానికి వేసిన మట్టిగాజులు చాలు చాలాసార్లు. అవి చేతి నిండా ఉంటే కిటికీ ఒక్కో గాజులో ఒక్కో తెల్ల చుక్కగా మెరుస్తుంది. మణికట్టు కొద్దిగా తిప్పితే ఆ మెరుపు పక్కకు పోతుంది. మల్లెలు జడలో పెట్టినా, కెమెరాకు పక్కగా నిలబడితే కనిపించవు. దండను చెవి వెనక నుంచి భుజం మీదికి ముందుకు తెచ్చుకుంటే కనిపిస్తుంది.

పసిబిడ్డ సాక్సులు, చొక్కా పెట్టి తీయడం ఇప్పుడు మామూలైంది. కానీ కాన్పుకు ముందే బిడ్డకు బట్టలు కొనకూడదని అవ్వలు అనే ఇళ్ళు మన దగ్గర చాలా. కొత్తవి కొనకుండా బంధువుల పిల్లలు వాడిన పాత చొక్కా అడిగి తెచ్చుకోవచ్చు, అదీ ఒప్పుకోకపోతే ఊరుకోండి, ఫోటోకు నష్టమేమీ లేదు. పెద్దబిడ్డ ఉంటే ఆ పాపనో బాబునో కుర్చీ ముందు నిలబెట్టి కడుపుకు చెవి ఆనించమనండి. పిల్లల తల వెలుగుకు అడ్డం రాకుండా కిటికీ వైపు కాక కెమెరా వైపు ఉంచాలి. పిల్లలకు అయిదు నిమిషాలకు మించి ఓపిక ఉండదు కాబట్టి ఆ ఫోటో మొదట్లోనే తీసేయండి.

కిటికీకి ఎదురుగా నీడబొమ్మలా, అంచు మాత్రమే కనిపించే ఫోటో కూడా ఒకటి తీసి చూడండి. ఒళ్ళు కనిపించకూడదనే ఇళ్ళలో అదే అందరికీ నచ్చుతుంది. దానికి మాత్రం పొద్దుటి వేళ పనికిరాదు, పంచె మీద ఊచల గీతలు కడుపును ముక్కలు చేస్తాయి. ఎండ కిటికీ వదిలాక పంచె అలాగే ఉంచి, అక్కను కిటికీకి రెండడుగుల దూరంలో పూర్తి పక్కకు నిలబెట్టి, మీరు పడమటి గోడ నుంచి తీయండి. పంచె తెల్లగా, మనిషి నల్లగా వచ్చేలా పంచెను చూసి కెమెరాలో వెలుగు సర్దుకోవాలి. రెండు చేతుల మధ్య, కడుపుకూ మోచేతికీ మధ్య కొంచెం సందు కనిపించాలి, లేకపోతే అంతా ఒకే నల్ల ముద్ద. పైట కొంగు వెనక వేలాడనివ్వకుండా ముందుకు చుట్టండి. ఇది రెండు నిమిషాల పని కాబట్టి పదకొండు గంటల వేడిలోనైనా ఒక్కసారి నిలబడగలదు.

స్కానింగ్ కాగితం పట్టుకుని తీసేవాళ్ళు రెండు చూసుకోండి. అది మెరిసే కాగితం, కిటికీ వైపు నేరుగా పట్టుకుంటే తెల్లగా పేలిపోతుంది. పై అంచును కొద్దిగా మీ వైపు వంచితే బొమ్మ కనిపిస్తుంది. రెండోది, పైన పేరు, వయసు, ఆసుపత్రి, తేదీ అన్నీ అచ్చయి ఉంటాయి. ఆ అంచు వెనక్కి మడిచి పట్టుకోమనండి, తర్వాత ఫోటో ఎవరి స్టేటస్‌లోకి పోతుందో మన చేతిలో ఉండదు. ఆ కాగితం మీది బొమ్మ కొన్నేళ్ళకు వెలిసిపోతుంది కూడా, కిటికీ దగ్గర ఉన్నప్పుడే దాన్ని విడిగా ఒక ఫోటో తీసి పెట్టుకోండి.